పద్దెనిమిది దగ్గర నాలుగు ఆకులు

మా తొమ్మిదో తరగతికి బహుపదుల మీద యూనిట్ టెస్ట్ పెట్టాను. 50 మార్కుల పేపరు. నూటికి 35 లెక్కన పాసు మార్కు 18. రాసినవాళ్లు 33 మంది. పేపర్లు దిద్ది, మార్కులన్నీ కూడితే 905 వచ్చింది. 33తో భాగిస్తే సగటు 27.4. స్టాఫ్ రూమ్‌లో ఎలా రాశారని ఎవరో అడిగితే, "సగటు 27, ఫర్వాలేదు" అన్నాను. సగానికి పైనే ఉంది కదా అని నాకూ అలాగే అనిపించింది. మర్నాటి నుంచి తర్వాతి పాఠం మొదలుపెడదామని కూడా అనుకున్నాను.

ఆ పాఠం మొదలుపెట్టలేదు. కారణం, అదే రోజు సాయంత్రం పీరియడ్‌లో పిల్లల చేత వేయించిన ఒక చిన్న పటం. దాన్ని కాండం-ఆకుల పటం అంటారు, ఇంగ్లిష్ పేరుతో స్టెమ్ అండ్ లీఫ్ ప్లాట్. వేయడానికి గళ్ల నోటుబుక్కు, పెన్సిలు ఉంటే చాలు. స్కేలుతో ఎత్తులు కొలిచే పని లేదు, రంగులు దిద్దే పనీ లేదు.

ముందుగా మార్కులు చదివాను. పేర్లు చెప్పలేదు, రిజిస్టర్ వరసలోనూ చదవలేదు. కట్టలో పేపర్లు ఎలా ఉంటే అలా:

```
36 18 42 14 39 21  7 34 18 46 20
12 41 38 18 33 10 44 27 35 19 13
40 23  9 36 48 14 30 21 42 18 39
```

ఇలా పోగుపడ్డ అంకెల్ని చూసి ఎవరికైనా ఏం తెలుస్తుంది? కళ్లు ముందు పెద్ద మార్కు కోసం, తర్వాత చిన్న మార్కు కోసం వెతుకుతాయి. అక్కడితో ఆగిపోతాయి.

పటం వేసే పద్ధతి ఇది. ప్రతి మార్కునూ రెండు ముక్కలు చేస్తాం. పదుల స్థానంలోని అంకె కాండం, ఒకట్ల స్థానంలోని అంకె ఆకు. 36లో 3 కాండం, 6 ఆకు. పేజీ ఎడమవైపు కాండాలను 0 నుంచి 4 దాకా ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన నిలువు గీత గీశాం. ఇక కట్టలో మొదటి పేపరు 36. మూడో కాండం పక్కన 6 రాశారు. తర్వాత 18. ఒకటో కాండం పక్కన 8. ఆ తర్వాత 42. నాలుగో కాండం పక్కన 2. ఏడో పేపరు 7 దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగారు. "దీనికి పదులే లేవు కదా సార్, ఎక్కడ రాయాలి?" 7 అంటే 07 అనుకోమన్నాను. సున్నా కాండం అందుకోసమే ఉంది. 20 దగ్గర ఇంకొకరు ఆగారు. రెండో కాండం పక్కన సున్నా రాయాలి. సున్నా అంటే ఏమీ లేదని వదిలేస్తే ఒక విద్యార్థి మార్కు పటంలోంచి మాయమైపోతుంది.

33 పేపర్లూ అయ్యేసరికి చిత్తుప్రతి ఇలా వచ్చింది:

```
0 | 7 9
1 | 8 4 8 2 8 0 9 3 4 8
2 | 1 0 7 3 1
3 | 6 9 4 8 3 5 6 0 9
4 | 2 6 1 4 0 8 2
```

ఇక్కడ ఆకులు లెక్కపెట్టించాను. 2, 10, 5, 9, 7. కూడితే 33. రాసినవాళ్లు 33, ఆకులు 33. ఈ సరిచూపు ఎప్పుడూ మానకూడదు, ఎందుకంటే ఒక మార్కు జారిపోతే పటం చూసి పట్టుకోవడం కష్టం. నలుగురైదుగురికి 32 వచ్చింది. వెతికితే దాదాపు అందరూ వదిలేసింది 18ల్లో ఒకదాన్నే. ఇంతకుముందు రాసేశాం కదా అనుకున్నారు. ఒకే మార్కు నలుగురికి వస్తే నాలుగు ఆకులు రాయాల్సిందే.

తర్వాత ప్రతి వరసలో ఆకుల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి సర్ది, శుభ్రంగా తిరగరాశాం:

```
0 | 7 9
1 | 0 2 3 4 4 8 8 8 8 9
2 | 0 1 1 3 7
3 | 0 3 4 5 6 6 8 9 9
4 | 0 1 2 2 4 6 8
```

కింద సూచిక రాయాలి: 3 | 6 అంటే 36 మార్కులు. ఇది ఎందుకని పిల్లలు విసుక్కుంటారు గానీ, సూచిక లేకపోతే అదే పటాన్ని 3.6 అనీ చదవొచ్చు, 360 అనీ చదవొచ్చు.

గళ్ల నోటుబుక్కు ఎందుకో కూడా ఇప్పుడు తెలుస్తుంది. గడికి ఒక్క ఆకు పెడితే వరస పొడవే ఆ వరసలో ఎంతమంది ఉన్నారో చెబుతుంది. తెల్లకాగితం మీద 1ని సన్నగా, 8ని లావుగా రాస్తే ఐదుగురున్న వరస ఏడుగురున్న వరస కన్నా పొడుగ్గా కనిపించవచ్చు. ఆకుల మధ్య కామాలు పెట్టినా అదే ఇబ్బంది. అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ 1977లో అచ్చయిన తన 'ఎక్స్‌ప్లోరేటరీ డేటా అనాలిసిస్' పుస్తకంతో ఈ పటానికి బాగా ప్రచారం తెచ్చాడు. పెన్సిలుతో కాగితం మీద వేసుకునే పద్ధతులకు ఆ పుస్తకంలో పెద్దపీట వేశాడు. టైపు మిషన్‌లో గానీ, ఆనాటి కంప్యూటర్ ప్రింటర్లలో గానీ ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉండేది కాబట్టి, అంకెలు టైపు చేస్తేనే కడ్డీల చిత్రం తయారయ్యేది.

కడ్డీల చిత్రానికీ దీనికీ తేడా ఒక్కటే, కానీ పెద్ద తేడా. సోపాన రేఖాచిత్రంలో 10 నుంచి 19 తరగతిలో పదిమంది ఉన్నారని ఒక దిమ్మె నిలబెడతాం. ఆ పదిమందికి ఎన్నెన్ని వచ్చాయో దిమ్మెలోంచి వెనక్కి తీయలేం. ఇక్కడ దిమ్మెను కట్టిన ఇటుకలే మార్కులు. ఆకారమూ కనిపిస్తుంది, ఏ మార్కూ పోదు.

ఇక చదవడం. మొదట మధ్యగతం. 33 మందిలో నడిమివాళ్లు 17వ వాళ్లు. వాళ్లకు ఇటు 16 మంది, అటు 16 మంది. పైనుంచి లెక్కపెడదాం. సున్నా వరసలో 2, ఒకటో వరసతో కలిపి 12, రెండో వరసతో 17. అంటే రెండో వరసలో చివరి ఆకు, 7. మధ్యగతం 27. సరిచూసుకోవడానికి కిందినుంచి రావాలి. నాలుగో వరసలో 7, మూడో వరసతో కలిపి 16, ఆ తర్వాతది మళ్లీ అదే 27. రెండు దారులూ ఒకచోటే కలిస్తే లెక్క సరిపోయినట్టు. విద్యార్థులు 34 మంది ఉంటే నడిమివాళ్లు ఇద్దరు, 17వ వాళ్లూ 18వ వాళ్లూ. వాళ్ల మార్కుల సగటు తీసుకోవాలి. ఆకుల్ని సర్దకుండా చిత్తుప్రతి మీదే లెక్కపెడితే రెండో వరస చివర 1 ఉంటుంది కాబట్టి 21 అనే తప్పు జవాబు వస్తుంది. సర్దడంలో బద్ధకిస్తే జరిగే నష్టం ఇది.

సగటు 27.4, మధ్యగతం 27. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పాఠంలో చెప్పుకున్న ప్రకారం చూస్తే తరగతి నడుమ చుట్టూ పోగై ఉండాలి. కానీ పటంలో నడుమ సన్నంగా ఉంది. రెండో వరసలో ఐదే ఆకులు. అది ఎంత సన్నమో చూడటానికి ఒక్కో కాండాన్ని రెండుగా చీల్చాం. ఆకులు 0 నుంచి 4 దాకా మొదటి వరసలో, 5 నుంచి 9 దాకా రెండో వరసలో. టూకీ పద్ధతిలో మొదటిదానికి చుక్క గుర్తు *, రెండోదానికి బిందువు పెడతారు.

```
0. | 7 9
1* | 0 2 3 4 4
1. | 8 8 8 8 9
2* | 0 1 1 3
2. | 7
3* | 0 3 4
3. | 5 6 6 8 9 9
4* | 0 1 2 2 4
4. | 6 8
```

బోర్డు మీద ఇది పూర్తయ్యాక నేను కాసేపు మాట్లాడలేదు. తరగతి ఒక్కటి కాదు, రెండు. 7 నుంచి 23 దాకా ఒక గుట్ట, అందులో 16 మంది. 30 నుంచి 48 దాకా ఇంకో గుట్ట, అందులోనూ 16 మంది. నడుమ 24 నుంచి 29 దాకా ఉన్న ఖాళీలో ఒకే ఒక్కరు, 27. సగటు తీస్తే కింది గుట్టకు దాదాపు 16, పై గుట్టకు దాదాపు 39. నేను స్టాఫ్ రూమ్‌లో చెప్పిన 27 ఈ రెండు గుట్టల్లో దేనికీ చెందదు. ఆ సంఖ్యకు దగ్గరగా ఉన్న విద్యార్థి తరగతి మొత్తంలో ఒక్కరే.

రెండు గుట్టలు కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న, వీళ్లను విడదీసింది ఏమిటని. పటం ఆ జవాబు చెప్పదు, ఎక్కడ వెతకాలో మాత్రం చెబుతుంది. ఆ రాత్రి కింది గుట్టలోని 16 పేపర్లూ విడిగా తీసి మళ్లీ చూశాను. ప్రశ్నపత్రంలో 50కి 22 మార్కులు కారణాంక విభజన మీదే ఉన్నాయి. x² + 5x + 6 ను కారణాంకాలుగా రాయమంటే, లబ్ధం 6, మొత్తం 5 వచ్చే రెండు సంఖ్యల కోసం వెతకాలి. అవి 2, 3. కింది గుట్టలో చాలామంది x(x + 5) + 6 అని రాసి ఆగిపోయారు. కొందరు అక్కడ కాగితం ఖాళీగా వదిలేశారు. పై గుట్టలో ఈ మెలిక తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. ఇది కొందరు తెలివైనవాళ్లు, కొందరు కానివాళ్లు అన్న సంగతి కాదు. ఒక్క మెలిక అర్థమైందా లేదా అన్నదే తరగతిని రెండుగా చీల్చింది.

గుట్టల సంగతి నేను చెబుతుంటే, రెండో బెంచీలో ఒక అమ్మాయి వేరే చోట చూస్తూ ఉంది. లేచి నిలబడి అడిగింది:

"సార్, 15, 16, 17 ఒక్కరికి కూడా రాలేదేం? 18 మాత్రం నలుగురికి వచ్చిందే?"

ఒకటో వరస చూడండి. 0, 2, 3, 4, 4, ఆ తర్వాత గెంతి 8, 8, 8, 8. పాసు మార్కుకు సరిగ్గా కింద మూడు గడులు ఖాళీ, పాసు మార్కు మీద నాలుగు ఆకులు. ఆ నాలుగు ఆకులూ నా చేతివే. 16 దగ్గరో 17 దగ్గరో ఆగిన పేపరును ఇంకోసారి తిరగేసి, ఒక మెట్టుకు అర మార్కు, ఒక ప్రయత్నానికి ఒక మార్కు వేసి గట్టెక్కించాను. పిల్ల ఫెయిలై ఇంటికి వెళ్లకూడదన్న ఉద్దేశంతోనే. 13, 14 వచ్చిన పేపర్లను మాత్రం అలా తిరగేయలేదు. అప్పుడు ఇదంతా నాకు దయలాగే తోచింది. ఆ అమ్మాయికి నిజమే చెప్పాను. "ఆ మార్కులు నేను జరిపానమ్మా" అన్నాను.

ఇది సోపాన రేఖాచిత్రంలో ఎప్పటికీ దొరకదు. 10-19 దిమ్మెలో పదిమంది ఉంటారు, అంతే. చివరి అంకెలు కళ్లముందు ఉంటేనే చేతి జాడ తెలుస్తుంది. మన దేశంలో జనాభా లెక్కల్లో చెప్పే వయసులు 0తో, 5తో ముగిసేచోట పోగుపడతాయని గణాంకాలు చదివేవాళ్లందరికీ తెలుసు. పుట్టిన తేదీ గుర్తులేనివాళ్లు నలభై అనో నలభై ఐదు అనో చెబుతారు, నలభై మూడు అనరు. ఆకుల్లో ఒకే అంకె అదేపనిగా కనిపిస్తే, ఒక అంకె అసలు కనిపించకపోతే, ఆ సంఖ్యలు ఎలా పుట్టాయో అడగాలి.

బాహుళకం కూడా ఇక్కడే ఉంది. ఎక్కువసార్లు వచ్చిన మార్కు 18, నాలుగుసార్లు. పరీక్షలో బాహుళకం ఎంత అని అడిగితే 18 అని రాయాలి, అది సరైన జవాబే. కానీ ఆ 18 తరగతి గురించి చెప్పే దానికన్నా దిద్దినవాడి కలం గురించి ఎక్కువ చెబుతుంది.

మూడు వారాలు కారణాంక విభజన మళ్లీ చెప్పాను. అదే పాఠం మీద, అంతే బరువున్న ఇంకో పేపరు పెట్టాను. ఈసారి దిద్దేటప్పుడు పేర్లు కనిపించకుండా మొదటి పేజీ మడిచి ఉంచాను. పాసు మార్కు దగ్గర ఏ పేపరునూ రెండోసారి తిరగేయలేదు. రెండు టెస్టుల్నీ పోల్చడానికి ఒకే కాండానికి రెండు వైపులా ఆకులు పెట్టాం. ఎడమవైపు మొదటి టెస్టు, కుడివైపు రెండోది.

```
                9 7 | 0 |
9 8 8 8 8 4 4 3 2 0 | 1 | 1 4 6 7 9
          7 3 1 1 0 | 2 | 0 2 4 4 5 6 7 8 8 9
  9 9 8 6 6 5 4 3 0 | 3 | 0 1 1 3 4 5 5 7 8 9
      8 6 4 2 2 1 0 | 4 | 0 1 2 3 4 5 7 8
```

ఎడమవైపు ఆకుల్ని కాండం దగ్గరి నుంచి బయటికి పెంచుకుంటూ పోవాలి. అంటే అన్నిటికన్నా చిన్న ఆకు గీతను ఆనుకుని ఉంటుంది. పిల్లలు అలవాటు కొద్దీ ఎడమ నుంచి కుడికి సర్దేస్తారు. అలా చేస్తే మధ్యగతం లెక్కపెట్టేటప్పుడు చెయ్యి తప్పుతుంది. కుడివైపు సున్నా కాండం దగ్గర ఆకులేమీ లేవు. అయినా ఆ వరసను తీసేయకూడదు. ఖాళీ వరస కూడా ఒక సమాచారమే, పదిలోపు మార్కు ఎవరికీ రాలేదని. వరుసల మధ్యలో ఖాళీ వచ్చినప్పుడు దాన్ని తీసేస్తే, దూరంగా ఉన్న మార్కులు పక్కపక్కన ఉన్నట్టు కనిపిస్తాయి. టెస్టుకు రానివాళ్లకు ఆకు పెట్టకూడదన్నది కూడా ఇలాంటి నియమమే. రాకపోవడం వేరు, సున్నా రావడం వేరు.

ఇప్పుడు కుడివైపు చదవండి. మధ్యగతం 31, సగటు కూడా 31. ఇరవై కన్నా తక్కువ వచ్చినవాళ్లు 12 మంది నుంచి ఐదుగురికి తగ్గారు. పై వరసలో ఏడుగురికి బదులు ఎనిమిది మంది, అక్కడ పెద్ద మార్పు లేదు. అసలు మార్పు రెండో వరసలో జరిగింది. 25 నుంచి 29 దాకా మొదటిసారి ఒక్క ఆకే ఉండేది, ఇప్పుడు ఆరు ఉన్నాయి. గుట్టల మధ్య లోయ పూడింది. ఇక ఒకటో వరసలో 16, 17 కనిపిస్తున్నాయి, 18 లేదు. పాసు మార్కు దాటనివాళ్లు ఈసారి నలుగురు. మొదటిసారి రిజిస్టర్‌లో ఏడుగురు ఉన్నా, నేను జరిపిన నలుగురితో కలిపితే నిజానికి పదకొండు మంది.

అన్ని మార్కులకూ ఈ పటం ఇంత చక్కగా కుదరదు. 20 మార్కుల స్లిప్ టెస్టుకు కాండాలు 0, 1, 2 మూడే వస్తాయి, ఆకులన్నీ మూడు పొడుగాటి వరసల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు కాండాన్ని రెండుగా గానీ, ఒక్కో వరసకు రెండేసి అంకెల చొప్పున ఐదుగా గానీ చీల్చాలి. 100 మార్కుల పరీక్షలో నూటికి నూరు వస్తే కాండం 10, ఆకు 0. తొమ్మిదో కాండం పక్కన "10" అని రెండంకెల ఆకు పెట్టడం తరచూ జరిగే తప్పు. పదో తరగతి మొత్తం 600 మార్కుల్లో 487 వస్తే, కాండం 48 అని పెడితే వరసలు చాలా ఎక్కువై ఒక్కోదానిలో ఒకటో రెండో ఆకులు మిగులుతాయి. 7ను వదిలేసి కాండం 4, ఆకు 8 అని పెట్టుకుని, ఒక ఆకు అంటే పదులని సూచికలో రాస్తే పటం నిలబడుతుంది, చివరి అంకె మాత్రం పోతుంది. అర మార్కులున్నా అంతే. 17½ను 17గా తీసుకోవాలి, 18కి పెంచకూడదు. పెంచితే మళ్లీ పాసు మార్కు దగ్గర ఆకులు పోగుపడతాయి. ఇక జిల్లా మొత్తం వేలమంది మార్కులైతే ఈ పటం పనికిరాదు, సోపాన రేఖాచిత్రమే గతి.

ఇంకొకటి కూడా ఈ పటంలో దొరకదు. కుడివైపు పదకొండు ఎవరిది? ఎడమవైపు తొమ్మిది వచ్చినవారిదేనా? ఏ ఆకు ఎటు కదిలిందో పటం చూసి చెప్పలేం. ఆకుల మీద పేర్లుండవు. ఆ రోజు పిల్లలు వెళ్లిపోయాక రిజిస్టర్ తెరిచి, మొదటి టెస్టులో 7 వచ్చిన అబ్బాయి పేరు దగ్గర వేలు పెట్టి పక్క గడి చూశాను. 24.